బొమ్మలు వేసే స్నేహితురాలికి ఏం కొనాలి? నీటిరంగుల సామగ్రి ఎంచుకునే పద్ధతి

కావలిలో ఉండే మా పిన్ని కూతురు ఈ మధ్య ఫోను చేసింది. ఆమెతో కలిసి పనిచేసే టీచరు ఒంగోలులో ఉంటారు. సెలవు రోజుల్లో కొత్తపట్నం తీరానికి వెళ్లి పడవలు, వలలు, సముద్రం బొమ్మలు వేస్తుంటారు. ఆమె పుట్టినరోజుకు మంచి సామగ్రి కొనివ్వాలని మా చెల్లెలి కోరిక. “అన్నయ్యా, నాకు బొమ్మల గురించి ఏమీ తెలియదు. రెండున్నర వేలలో ఏది కొంటే ఆవిడ నిజంగా వాడతారు?” అని అడిగింది. ఆమెకు నేను చెప్పిన క్రమమే ఇక్కడ రాస్తున్నాను. నేను నెల్లూరులో నీటిరంగులతో బొమ్మలు వేస్తాను కాబట్టి వాటి గురించే చెబుతాను. ఆయిల్ రంగులు వేసేవారి సామగ్రి వేరు, దాని లెక్కలూ వేరు.

నా సలహా మొత్తానికి ఆధారం ఒకే మాట: ముందు కాగితం కొనండి, తరువాత రంగు, చివరికి డబ్బు మిగిలితే కుంచె. తెలియనివాళ్లు దుకాణంలోకి వెళ్లగానే చూసేది ఇరవై నాలుగు రంగుల డబ్బానే. చూడటానికి నిండుగా ఉంటుంది, బహుమతిలాగానే ఉంటుంది. కానీ బొమ్మలు వేసేవారి దగ్గర రంగులు ఎలాగూ ఉంటాయి, అవీ వాళ్లు చేయి కుదుర్చుకున్న రంగులు. మంచి కాగితం మీద చవక రంగుతోనైనా ఓ మోస్తరు బొమ్మ వస్తుంది. చవక కాగితం మీద ఎంత ఖరీదైన రంగు వేసినా బొమ్మ నిలవదు. పైగా ఖరీదైన కాగితాన్ని సొంత డబ్బుతో కొనడానికి చాలామందికి మనసొప్పదు. అందుకే బహుమతిగా అది బాగా నప్పుతుంది.

మొదట ఆమె ఏ రంగులు వాడతారో తేల్చుకోండి

ఇది తేలకుండా ఏదీ కొనకూడదు. మన ఊళ్లలోని స్టేషనరీ దుకాణాల్లో నీటిరంగులు, పోస్టర్ కలర్లు, అక్రిలిక్‌లు, బట్టల మీద వేసే ఫ్యాబ్రిక్ కలర్లు ఒకే అరలో ఉంటాయి. ట్యూబులు, సీసాలు కూడా ఒకేలా కనిపిస్తాయి. కానీ ఒకదాని పని మరొకటి చేయదు. నీటిరంగు ఎండాక కూడా తడి తగిలితే మళ్లీ కరుగుతుంది. బొమ్మ వేసే పద్ధతంతా ఆ గుణం మీదే నడుస్తుంది. అక్రిలిక్ ఒకసారి ఎండితే ఇక కరగదు. అక్రిలిక్ ట్యూబు తెచ్చి నీటిరంగుల పళ్లెంలో పిండితే ఆ గడి పాడైపోతుంది, కుంచెను వెంటనే కడగకపోతే అదీ పోతుంది.

తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఆమె బల్ల చూడండి. కుదరకపోతే వాళ్లింట్లోవాళ్లను అడిగి ఫోటో తెప్పించుకోండి. చిన్న గడులున్న మూతపెట్టె, దానిలో ఎండిన రంగుబిళ్లలు, పక్కన నీళ్ల గ్లాసు, పాత నూలుగుడ్డ, పలచటి బొమ్మలు కనిపిస్తే అవి నీటిరంగులు. పళ్లెం మీద గట్టిపడి, గోరుతో గీకితే పొరలుగా లేచే రంగు, చట్రానికి బిగించిన క్యాన్వాస్ కనిపిస్తే అక్రిలిక్. గదిలో అవిసె నూనె, టర్పెంటైన్ వాసన వస్తే ఆయిల్ రంగులు.

మా చెల్లెలు స్టాఫ్ రూములో ఏదో మాటల మధ్య, “మీరు బొమ్మలు వేసే చోటు ఎలా ఉంటుందో ఒకసారి చూపించండి మేడమ్” అని అడిగింది. ఆవిడ ఫోనులో ఫోటో చూపించారు. దాన్ని నాకు పంపించుకుని పెద్దది చేసి చూశాం. ట్యూబుల నీటిరంగులు, మన దేశపు తయారీవే. వాటిలో రెండు ట్యూబులు తోక వైపు నుంచి మూత దాకా చుట్టేసి ఉన్నాయి. ఒకటి అల్ట్రామెరైన్ నీలం, మరొకటి బర్న్‌ట్ సియెనా అనే ఇటుక గోధుమ రంగు. ఈ రెండూ కలిపితే చక్కటి బూడిద రంగులు వస్తాయి. మబ్బులు, తడి ఇసుక, పడవ నీడ అన్నిటికీ అవే కావాలి. సముద్రతీరం బొమ్మలు వేసేవారికి ముందు అయిపోయేవి ఈ రెండేనంటే ఆశ్చర్యం లేదు. పక్కనే ఉన్న స్పైరల్ పుస్తకంలో బొమ్మ వేసిన పేజీలన్నీ అలలు తేలి ఉన్నాయి. కొనవలసినదేమిటో ఆ ఒక్క ఫోటోయే చెప్పేసింది.

కాగితం: ఎక్కువ డబ్బు ఇక్కడే పెట్టండి

నీటిరంగుల కాగితం కొనేటప్పుడు మూడు విషయాలు చూడాలి. అది దేనితో చేశారు, ఎంత బరువు, పైభాగం ఎలా ఉంది అన్నవి.

మామూలు డ్రాయింగ్ కాగితం చెక్క గుజ్జుతో తయారవుతుంది. మంచి నీటిరంగుల కాగితం పూర్తిగా పత్తితో చేస్తారు. పత్తి పీచు పొడవైనది, గట్టిది. తడిపినా, కుంచెతో మళ్లీ మళ్లీ రుద్దినా, వేసిన రంగును తడి కుంచెతో ఎత్తి తీసినా పైపొర చిట్లదు. ఏళ్లు గడిచినా తొందరగా పసుపెక్కదు. అట్ట మీద పత్తి నూరు శాతం అని స్పష్టంగా రాసి ఉండాలి. ‘పత్తి కలిసినది’ అనో, ‘ఆర్టిస్ట్ క్వాలిటీ’ అనో మాత్రమే రాసి ఉంటే అది వేరు సరుకు. ఆసిడ్ లేని కాగితం అన్న మాట కూడా చాలా అట్టల మీద కనిపిస్తుంది. అది ఉండవలసిన గుణమే గానీ, చెక్క గుజ్జు కాగితాన్ని కూడా ఆసిడ్ లేకుండా చేయవచ్చు. ఆ మాటను చూసి పత్తి అనుకోకండి.

బరువు చదరపు మీటరుకు 300 గ్రాములు ఉంటే సరిపోతుంది. అట్ట మీద 300 జీఎస్ఎం అని రాస్తారు. కొన్ని విదేశీ కంపెనీలు దీన్నే 140 పౌండ్లు అంటాయి. మనం రోజూ చూసే ఫోటోకాపీ కాగితం 70, 80 జీఎస్ఎం మధ్య ఉంటుంది. 200 జీఎస్ఎం కాగితం తడి తగలగానే పొంగుతుంది, ఆ గుంటల్లోకి రంగు చేరి మరకలవుతుంది. ఒంగోలు ఆవిడ స్పైరల్ పుస్తకంలో జరిగింది సరిగ్గా అదే.

ఇక పైభాగం. నున్నగా ఉండేదాన్ని హాట్ ప్రెస్ అంటారు, సన్నటి గరుకున్నదాన్ని కోల్డ్ ప్రెస్ అంటారు, బాగా గరుకుదాన్ని రఫ్ అంటారు. మీకు ఏమీ తెలియకపోతే కోల్డ్ ప్రెస్ తీసుకోండి. ఎక్కువమంది వాడేది అదే. నున్నటిది పువ్వులు, ముఖాలు సూక్ష్మంగా వేసేవారికి బాగుంటుంది. సముద్రం, ఆకాశం వేసేవారికి దానితో పెద్దగా పని ఉండదు.

ఈ మూడింటికన్నా లోతైన విషయం ఒకటుంది, అది బాగుందో లేదో అట్ట చూస్తే తెలియదు. నీటిరంగుల కాగితానికి తయారీలోనే జిగురు పట్టిస్తారు. దాన్ని సైజింగ్ అంటారు. నేత చీరకు గంజి పెట్టినట్టు అనుకోండి. ఆ జిగురు ఉన్నంతకాలం రంగునీళ్లు కాసేపు పైనే నిలిచి, కుంచె చెప్పిన దారిలో వెళ్తాయి. అది చెడిపోతే నీళ్లు వేసిన చోటే లోపలికి ఇంకిపోతాయి. రంగు వెలవెలబోతుంది, మధ్యలో చుక్కలు చుక్కలుగా ముదురు మచ్చలు పడతాయి. ఏళ్ల తరబడి చెమ్మలో ఉన్న కాగితానికి ఈ జబ్బు వస్తుంది. నెల్లూరు, ఒంగోలు వంటి తీరప్రాంత పట్టణాల్లో గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో చెప్పనే అక్కర్లేదు. కాబట్టి దుకాణంలో చాలాకాలంగా అమ్ముడుపోక అడుగున పడి ఉన్న షీటు, ఎంత పేరున్న కంపెనీదైనా, తగ్గింపు ధరకు ఇస్తామన్నా తీసుకోకండి. అంచు పసుపెక్కిందా, గోధుమ చుక్కలున్నాయా, ముక్కిన వాసన వస్తోందా చూడండి. దుకాణదారు నమూనా ముక్క ఇస్తే ఒక మూల నీటిచుక్క వేయండి. చుక్క గుండ్రంగా కాసేపు నిలబడాలి. పడీ పడగానే నల్లబడి పరుచుకుపోతే ఆ కాగితం వద్దు.

పేర్ల విషయానికి వస్తే, ఫ్రాన్స్‌వారి ఆర్చెస్, ఇంగ్లండ్‌వారి సాండర్స్ వాటర్‌ఫర్డ్ పత్తి కాగితాల్లో పేరున్నవి. ఇటలీవారి ఫాబ్రియానో పేరూ గొప్పదే, కానీ ఆ పేరుతో చెక్క గుజ్జు కాగితమూ వస్తుంది, పత్తి కాగితమూ వస్తుంది. అందుకే కంపెనీ పేరు చూసి ఆగిపోకుండా అట్ట మీద పత్తి మాట వెతకండి. మన దేశంలో చేతితో చేసే పత్తి కాగితాలు కూడా దొరుకుతాయి. కొన్ని చాలా బాగుంటాయి. అయితే ఒక్కో విడతలో జిగురు ఒక్కోలా పడుతుంది కాబట్టి, నీటిచుక్క పరీక్ష చేసే వీలు లేకుండా వాటిని కొనవద్దు.

ఇవి నెల్లూరు ట్రంకు రోడ్డు మీదనో, ఒంగోలు బజారులోనో మామూలు స్టేషనరీ దుకాణంలో దొరకడం కష్టం. అక్కడ ఎక్కువగా బడిపిల్లల సరుకే పెడతారు. నెల్లూరువాళ్లకు చెన్నై, ఒంగోలువాళ్లకు విజయవాడ రైల్లో కొద్ది గంటల దూరమే. అటు వెళ్లే పని ఉన్నవారితో తెప్పించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో అయితే వెతికే పెట్టెలో ఈ మాటలు ఉన్నవి ఉన్నట్టు కొట్టండి:

```
watercolor paper 100% cotton 300gsm cold press
```

వచ్చిన ఫలితాల్లో సగం చెక్క గుజ్జువే ఉంటాయి. వస్తువు ఫోటోలో అట్టను పెద్దది చేసి, పత్తి శాతం కళ్లారా చదివాకే కొనండి.

ఫుల్ షీటు అంటే 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు. దాన్ని నాలుగు చేస్తే ఒక్కో ముక్క 11 అంగుళాలు, 15 అంగుళాలు వస్తుంది. తీరంలో ఒడిలో అట్ట పెట్టుకుని వేయడానికి అది సరైన కొలత. విడి షీట్లు కొనడమే లాభం, పుస్తకంలా కుట్టినవాటికి ధర ఎక్కువ. అంచులకు జిగురు వేసి బిగించిన బ్లాకులు కూడా వస్తాయి. వాటిని అట్ట మీద అంటించే పని ఉండదు కాబట్టి బయటకు వెళ్లి వేసేవారికి సుఖం, కానీ అదే డబ్బుకు తక్కువ కాగితం వస్తుంది.

రంగు: ట్యూబు వెనక చదవడం నేర్చుకోండి

కొత్త రంగులు పరిచయం చేయాలన్న ఉత్సాహం వద్దు. అయిపోవచ్చిన రంగునే, ఆమె వాడే రకం కన్నా ఒక మెట్టు పైదాన్ని కొనండి. ఆ మెట్టు ఏమిటో ట్యూబు చెబుతుంది. రంగుల కంపెనీలు రెండు తరగతుల సరుకు చేస్తాయి. విద్యార్థుల తరగతిలో అసలు రంగునిచ్చే పిగ్మెంట్ తక్కువగా, నింపుడు పొడి ఎక్కువగా ఉంటుంది. చిత్రకారుల తరగతిలో పిగ్మెంట్ ఎక్కువ, అందుకే కొంచెమే తీసినా చాలా దూరం వస్తుంది. ఉదాహరణకు విన్సర్ అండ్ న్యూటన్ కంపెనీ కాట్‌మన్ పేరుతో విద్యార్థుల రంగులు, ప్రొఫెషనల్ పేరుతో చిత్రకారుల రంగులు అమ్ముతుంది. మన క్యామెల్ బ్రాండులోనూ విద్యార్థుల రంగులు వేరు, ఆర్టిస్ట్ రంగులు వేరు. విద్యార్థుల ఇరవై నాలుగు ట్యూబులకన్నా చిత్రకారుల రెండు ట్యూబులు మేలు.

ట్యూబు మీద రంగు పేరును నమ్మవద్దు, చిన్న అక్షరాల్లో ఉండే కోడును నమ్మండి. ప్రతి పిగ్మెంట్‌కూ అన్ని కంపెనీలకూ చెల్లే ఒక సంకేతం ఉంది. అల్ట్రామెరైన్ నీలానికి PB29. అసలైన బర్న్‌ట్ సియెనాకు PBr7. ఒకే కోడు ఉంటే ఒకే పిగ్మెంట్‌తో చేసినట్టు. మూడు నాలుగు కోడులుంటే మిశ్రమం. దాన్ని ఇంకో రంగుతో కలిపితే బురదగా మారే అవకాశం ఎక్కువ. రంగు పేరు చివర ‘హ్యూ’ అని ఉంటే, ఆ పేరుగల అసలు పిగ్మెంట్ కాకుండా దాని పోలికతో వేరేవి కలిపి చేశారని అర్థం. అదేమీ మోసం కాదు, కానీ తెలిసి కొనాలి. ఆ పక్కనే సిరీస్ 1, 2, 3 అనే అంకె కనిపిస్తుంది. అది పిగ్మెంట్ ఖరీదును చెబుతుందే గానీ నాణ్యతను కాదు. పైన చెప్పిన రెండు రంగులూ సాధారణంగా చవక సిరీస్‌లోనే ఉంటాయి, అయినా గొప్ప రంగులు.

ఎండకు వెలిసిపోతుందా లేదా అన్నది మరో ముఖ్యమైన సంగతి. బొమ్మను చట్రం కట్టి హాల్లో, కిటికీకి ఎదురుగా పెడితే మన ఎండల వెలుతురుకు కొన్ని రంగులు చూస్తుండగానే పాలిపోతాయి. PR83 కోడు ఉన్న అలిజరిన్ క్రిమ్సన్ అందులో పేరుమోసినది. ఒపెరా పింక్ అనే మెరిసే గులాబీ రంగు కూడా నిలవదు. చేతిలో పెట్టుకుంటే రెండూ చాలా అందంగా ఉంటాయి, తెలియనివాళ్లు వాటికే పడిపోతారు. గులాబీ ఎరుపు కొనాల్సి వస్తే PV19 కోడు ఉన్నది అడగండి, అది బాగా నిలుస్తుంది. ట్యూబు మీద వెలుగుకు ఓర్చే గుణాన్ని కొందరు రోమన్ అంకెల్లో, కొందరు నక్షత్రాలతో చూపిస్తారు. అంకెలైతే I, II ఉన్నవి తీసుకోవచ్చు. నక్షత్రాలైతే ఎక్కువ ఉన్నది మేలు.

ట్యూబును చేతిలోకి తీసుకుని మెల్లగా నొక్కి చూడండి. మెత్తగా లొంగాలి. రాయిలా ఉంటే లోపల ఎండిపోయింది. మూత చుట్టూ జిడ్డు జిగురు కారి ఉంటే, ఎండ పడే అద్దాల అరలో చాలాకాలం ఉండి జిగురు, పిగ్మెంట్ విడిపోయాయని అనుమానించాలి.

కుంచె: ఒక్కటి చాలు

పన్నెండు కుంచెల కట్ట కొనకండి. అందులో పదకొండు మూలన పడతాయి. కొంటే గుండ్రటి కుంచె ఒక్కటి, 8 లేదా 10 నంబరుది కొనండి. కంపెనీని బట్టి నంబరుకు లావు మారుతుంది కాబట్టి, ఆమె ఎక్కువగా వాడే కుంచె ఫోటో ఉంటే దానితో పోల్చి చూడండి.

కొత్త కుంచె మొన ఎప్పుడూ సూదిలాగే కనిపిస్తుంది, ఎందుకంటే ఫ్యాక్టరీలోనే జిగురుతో దాన్ని బిగిస్తారు. దుకాణదారును అడిగి నీళ్లలో ముంచి ఆ జిగురు కరిగించండి, తరువాత ఒకసారి గట్టిగా విదిలించండి. మొన దానంతట అదే కూడుకోవాలి. రెండుగా చీలితే, ఒక పక్కకు ఒరిగితే పెట్టేయండి. తడి కుంచెను వేలిగోటి మీద ఒంచి వదిలితే మళ్లీ నిటారుగా రావాలి. వెంట్రుకలను పట్టి ఉంచే లోహపు గొట్టం కర్ర మీద కదలకూడదు.

వెంట్రుక విషయంలో మన దేశంలో తప్పకుండా తెలుసుకోవలసినది ఒకటుంది. ముంగిస వెంట్రుకలతో చేసిన కుంచెలు చాలాకాలం అమ్ముడయ్యాయి. ముంగిస 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. దాని వెంట్రుకల కుంచెలు అమ్మడం, కొనడం నేరం. 2019లో వన్యప్రాణి నేరాల నియంత్రణ విభాగం ‘ఆపరేషన్ క్లీన్ ఆర్ట్’ పేరుతో వీటి తయారీ మీద దాడులు చేసింది. కుంచెల కోసం ఎన్నో ముంగిసలను చంపే వ్యాపారమిది. ఒకే వెంట్రుక మీద లేత, ముదురు గోధుమ పట్టీలు కనిపించి, కర్ర మీద వెంట్రుక రకం రాయకుండా ఉంటే ఆ కుంచె ముట్టుకోకండి. సింథటిక్ అని స్పష్టంగా రాసినది అడగండి. ఇప్పటి మంచి సింథటిక్ కుంచెలు నీటిని బాగానే పట్టుకుంటాయి, మొనా చాలాకాలం నిలుస్తుంది.

మా చెల్లెలు చివరికి కొన్నది

రెండున్నర వేలలో సగానికి పైగా కాగితానికే పెట్టాం. పూర్తి పత్తి, 300 జీఎస్ఎం, కోల్డ్ ప్రెస్ ఫుల్ షీట్లు మూడు. నాలుగేసి ముక్కలు చేస్తే పన్నెండు బొమ్మలకు వస్తాయి. చిత్రకారుల తరగతి అల్ట్రామెరైన్ PB29 ఒకటి, బర్న్‌ట్ సియెనా PBr7 ఒకటి తీసుకుంది. దుకాణంలో బర్న్‌ట్ సియెనా పేరుతో రెండు ట్యూబులు చూపించారట. ఒకదాని మీద కోడు వేరుగా ఉంది. “ఇది కూడా అదే రంగేనమ్మా, తీసుకోండి” అని అమ్మే అతను చెబితే, వెనక్కి తిప్పి చదివి PBr7 ఉన్నదే అడిగింది. మిగిలిన డబ్బుకు మంచి కుంచె రాదని తేలింది. నాసిరకం కుంచె కొనడం కన్నా ఆ డబ్బుతో మరో షీటు తెచ్చుకోమన్నాను, తెచ్చుకుంది.

షీట్లు ముక్కలు చేయించకుండా అలాగే ఇవ్వమని చెప్పాను. పెద్ద బొమ్మ వేయాలని ఆవిడకు అనిపిస్తే షీటు చేతిలో ఉండాలి, ముక్కలు ఎప్పుడైనా చేసుకోవచ్చు. బస్సులో కావలి నుంచి ఒంగోలు తీసుకెళ్లడానికి, వెడల్పాటి గొట్టంలో వదులుగా చుట్టి పెట్టింది. సన్నటి గొట్టంలో బిగించి చుడితే 300 జీఎస్ఎం కాగితం మడతల దగ్గర విరిగినట్టవుతుంది, ఆ గీతలోకి రంగు చేరి పోదు. కాగితాన్ని అంచుల దగ్గరే పట్టుకోవాలి. మధ్యలో వేళ్లు పెడితే చేతి చమురు అంటి, ఆ చోట రంగు పట్టదు. బొమ్మ వేశాకే ఆ వేలిముద్రలు కనపడతాయి.

ఇచ్చేదాకా ఇంట్లో ఎక్కడ పెట్టాలన్నది కూడా ఆలోచించాలి. నేల మీదా, కూలర్ పక్కనా, బయటి గోడకు ఆనించీ పెట్టకండి. ప్లాస్టిక్ కవరులో వేసి, మందుల సీసాల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు రెండు మూడు వేసి, మూతి అంటించి బీరువా పైఅరలో ఉంచండి. ఇచ్చేటప్పుడు ఆ కవరు తీసేయకుండా దానితోనే ఇవ్వండి, వానాకాలంలో ఆవిడకూ అది పనికొస్తుంది. బిల్లు కూడా లోపల పెట్టండి. ట్యూబు తెరవగానే గట్టిగా ఉంటే మార్చుకోవడానికి అవసరం పడుతుంది. మార్చుకునే గడువు దాటిపోయినా పారేయనక్కర్లేదు. ట్యూబును నిలువునా కోసి, ఎండిన రంగును పళ్లెం గడిలో పెట్టి, తడి కుంచెతో రుద్దితే మళ్లీ కరుగుతుంది.